నాలుగడుగుల గూట్లో 55 ఇంచీల టీవీ పడుతుందా? కొనేముందు ఏ కొలతలు చూడాలి?

సుజాత_తెనాలి

నమస్కారం అండీ. తెనాలిలో మా నాన్నగారింట్లో టీవీ కోసమని హాలు గోడలోనే కట్టించిన గూడు ఉంది. పాత డబ్బా టీవీల కాలం నాటిది కాబట్టి లోతు బాగానే ఉంది, ఒకటిన్నర అడుగు ఉంటుంది. వెడల్పు నాలుగడుగులు, ఎత్తు మూడడుగులకు కాస్త తక్కువ. కింద కడప బండ. టీవీని దాని మీదే స్టాండుతో నిలబెట్టాలి. గోడకు బిగించడం నాన్నకు ఇష్టం లేదు, వెనక వైరు ఊడితే తనే చెయ్యి పెట్టి సరిచేసుకునేలా ఉండాలంటారు.

పండగ సేల్‌లో 55 ఇంచీలది తీసుకుందామనుకుంటున్నాం. వెబ్‌సైట్లో 138 సెం.మీ. అని రాసి ఉంది. నాలుగడుగులంటే 122 సెం.మీ., అందులో 138 ఎలా పడుతుందని నాన్న అంటున్నారు. అది మూల నుంచి మూలకు కొలిచింది, వెడల్పు అంతకంటే తక్కువే, పడుతుందని తమ్ముడు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? స్టాండు కాళ్లు బండ మీద సరిగ్గా ఆనతాయో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

కిరణ్_కె

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. ఇప్పుడొచ్చే టీవీలన్నీ 16:9. మూల కొలతను 0.872తో గుణిస్తే వెడల్పు వస్తుంది. 55 ఇంచీలంటే 139.7 సెం.మీ., దాని వెడల్పు 121.8. మీ గూడు 122. టైట్‌గా ఉంటుంది గానీ గోడలోనే కట్టినట్టు నీట్‌గా కనిపిస్తుంది. ఆర్డర్ పెట్టేయండి.

రమణ_సర్వీస్_బెజవాడ

సుజాత గారూ, ఇప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. కిరణ్ గారు చేసిన లెక్కలో తప్పు లేదు, కానీ అది వెలిగే తెర వెడల్పు మాత్రమే. దాని చుట్టూ అంచు ఉంటుంది. అంచు లేని మోడల్ అని ప్రకటనలో చెప్పినా ప్రతి పక్కా కొన్ని మిల్లీమీటర్లు ఉండి తీరుతుంది. నేను బిగించిన 55 ఇంచీల టీవీల్లో ఎక్కువ భాగం బాడీ వెడల్పు 123 నుంచి 124.5 సెం.మీ. మధ్యలో ఉండేవి. 122 లోపు వచ్చిన 55 ఒక్కటి కూడా నాకు తగల్లేదు. నాలుగడుగుల గూటికి 55 తెచ్చి, అర అంగుళం దగ్గర ఆగిపోయి తిరిగి పంపినవాళ్లు చాలామందే ఉన్నారు.

మీ నాన్నగారు 138 చూసి పట్టదన్నారు. ఆ 138 వెడల్పు కాదు, కాబట్టి కారణం వేరు. కానీ పట్టదన్న మాట నిజం.

ఇంకో సంగతి. మీరు చెప్పిన నాలుగడుగులు ఇల్లు కట్టినప్పటి మాటా, ఈమధ్య టేపుతో కొలిచిందా? తాపీ మేస్త్రీ నాలుగడుగులు వదిలినా ప్లాస్టరింగ్ అయ్యాక అంత మిగలదు. గోడ కూడా పైన ఒకలా, నడుమ ఒకలా ఉంటుంది. వెడల్పును కింద, మధ్యలో, పైన కొలవండి. అవే మూడు చోట్లా గూటి ముందు అంచు దగ్గర ఒకసారి, లోపల వెనక గోడ దగ్గర ఒకసారి కొలవండి. వచ్చిన వాటిలో అతి తక్కువదే మీ గూటి వెడల్పు అనుకోండి, మిగతావి వదిలేయండి.

పద్మజ_విశాఖ

55 ఇంచీలకు సోఫా ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటే బాగుంటుందండీ. మీ హాలు ఎంత పొడవు?

సుజాత_తెనాలి

పద్మజ గారూ, హాలు పెద్దదేనండీ, దూరం సమస్య లేదు. గూట్లో పడుతుందా లేదా అన్నదే సందేహం. రమణ గారూ, నాలుగడుగులన్నది నాన్న నోటిమాటే. రేపు కొలిచి చెప్తాను.

చారి_ఉడ్‌వర్క్

అమ్మా, కొలిచేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి. స్టీలు టేపు కొసకు ఉండే కొక్కెం కొంచెం ముందుకీ వెనక్కీ కదులుతుంది. లూజైపోయిందని దాన్ని సుత్తితో కొట్టి బిగించేవాళ్లున్నారు. అలా కదిలేలా కంపెనీవాళ్లే కావాలని చేస్తారు. గోడకు ఆనించి నెట్టినా, అంచుకు తగిలించి లాగినా కొక్కెం మందం మేర అదే సర్దుకుంటుంది. కదలాలి కాబట్టే కదులుతుంది.

రెండోది, గూటి లోపల టేపును మూలలో వంచి అంకె చదవొద్దు. వంపు దగ్గర అర సెంటీమీటరు ఇట్టే పోతుంది. టేపు డబ్బా వెనక అంచును ఒక గోడకు ఆనించి, కొసను రెండో గోడకు తాకించండి. డబ్బా నోటి దగ్గర కనిపించే అంకెకు డబ్బా పొడవు కలపండి. ఆ పొడవు చాలా టేపుల మీద రాసే ఉంటుంది, లేకపోతే స్కేలుతో కొలుచుకోండి. బట్టలు కుట్టే టేపు వాడొద్దు, సాగుతుంది.

గూటి ముందు చెక్క ఫ్రేముగానీ బీడింగ్‌గానీ కొట్టించారేమో చూడండి. పాత ఇళ్లలో అందం కోసం కొట్టిస్తారు. లోపల నాలుగడుగులున్నా వాకిలి అంతకంటే చిన్నదైపోతుంది.

వెంకట్_డల్లాస్

నా అనుభవం వేరే రకం. నాది గూడు కాదు, టేబుల్ లాంటి యూనిట్. టీవీ వెడల్పు అయితే చూసుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఈ మోడల్‌కు మధ్యలో స్టాండు లేదు, రెండు చివర్లా రెండు కాళ్లు. ఒక కాలు బయటి కొస నుంచి రెండో కాలు బయటి కొస దాకా 46 ఇంచీలు. నా యూనిట్ 44. కంపెనీ పేజీలో With Stand అనే వరుసలో వెడల్పు, ఎత్తు, లోతు ఉన్నాయి. కాళ్ల మధ్య దూరం మాత్రం ఎక్కడా లేదు. చివరికి యూనిట్ మీద పొడవాటి చెక్క పలక వేయాల్సి వచ్చింది. సుజాత గారూ, దాన్ని కూడా చూసుకోండి.

రమణ_సర్వీస్_బెజవాడ

వెంకట్ గారు మంచి విషయం చెప్పారు. అయితే సుజాత గారి గూటికి ఆ భయం లేదు. కాళ్ల కొసలు టీవీ వెడల్పు లోపలే ఉంటాయి కాబట్టి టీవీ పట్టే గూట్లో కాళ్లూ పడతాయి. టేబుల్ మీద పెట్టేవాళ్లకే ఆ దూరం ముఖ్యం. గూటికి చూడాల్సింది కాలి లోతు, అంటే ముందు కొస నుంచి వెనక కొస దాకా ఎంత అని. With Stand వరుసలో చివరి అంకె అదే. దాని పైనో కిందో Without Stand వరుస ఉంటుంది, అందులో లోతు 6 నుంచి 9 సెం.మీ. చూపిస్తుంది. అది చూసి పలచటి టీవీ కదా, తొమ్మిది అంగుళాల అర చాలనుకుంటారు. స్టాండుతో కలిపితే అదే టీవీ 22 నుంచి 30 దాకా పోతుంది. తొమ్మిది అంగుళాలంటే 23 సెం.మీ. లోపే. కాలి ముందు కొస గాల్లో వేలాడిందంటే ఎవరైనా తగిలినప్పుడు టీవీ ముందుకు పడుతుంది.

కాళ్ల దూరం కావాలనుకునేవాళ్లు కొలతల పట్టికతో సరిపెట్టుకోకుండా కంపెనీ సైట్‌లో ఆ మోడల్ మాన్యువల్ పీడీఎఫ్ తెరవండి. చాలావాటిలో ముందు నుంచి, పక్క నుంచి గీసిన బొమ్మ ఉంటుంది, బాణం గుర్తులతో మిల్లీమీటర్లు వేసి ఉంటాయి. కొన్ని మోడళ్లకు కాళ్లు బిగించే రంధ్రాలు రెండు జతలుంటాయి, అవసరమైతే లోపలి జతలో బిగించుకోవచ్చు. అదీ ఆ బొమ్మలోనే తెలుస్తుంది. షోరూముకు టేపు తీసుకెళ్లొచ్చు గానీ అక్కడ చాలా టీవీలు గోడకు వేలాడుతుంటాయి, కాళ్లు బిగించి ఉండవు.

కిరణ్_కె

నేను ఇప్పుడే ఒక షాపింగ్ సైట్‌లో 55 ఇంచీల మోడల్ చూశాను. వెడల్పు 136 సెం.మీ., ఎత్తు 85, లోతు 15 అని ఉంది. రమణ గారు 123 అన్నారు. మరి ఇది ఎలా?

రమణ_సర్వీస్_బెజవాడ

అది అట్టపెట్టె కొలత. అమ్మేవాళ్లు పార్సిల్ కొలతనే టీవీ కొలతగా ఎక్కించేస్తారు. మీ 0.872 లెక్క ఇక్కడ పనికొస్తుంది కిరణ్ గారూ. తెర వెడల్పు 121.8 అయితే బాడీ దానికంటే ఒకటి రెండు సెంటీమీటర్లే ఎక్కువ ఉండాలి. పది పన్నెండు ఎక్కువుంటే అది పెట్టె. లోతు చూసినా తెలుస్తుంది. 15 అనేది స్టాండు లేకుండా అయితే ఎక్కువ, స్టాండుతో అయితే తక్కువ. రెండిట్లో దేనికీ కుదరని అంకె కనిపిస్తే ఆ పేజీ వదిలేసి, మోడల్ నంబరు పూర్తిగా వేసి కంపెనీ సైట్‌లో వెతకండి. నంబరు చివర ఒక్క అక్షరం మారినా స్టాండు మారిపోవచ్చు.

సుజాత_తెనాలి

కొలిచాం అండీ, చారి గారు చెప్పినట్టే.

గూటి లోపలి వెడల్పు కింద 121.2, పైన 121.6, మధ్యలో 120.6. ఎడమ గోడ ప్లాస్టరింగ్ నడుమ కొంచెం ఉబ్బి ఉంది. ఎత్తు 88. లోతు 43.

చారి గారూ, మీరన్నట్టే ముందు టేకు బీడింగ్ ఉంది, రెండు పక్కలా. బీడింగ్‌కూ బీడింగ్‌కూ మధ్య 117.6 మాత్రమే! వెనక గోడకు స్విచ్ బోర్డు ఉంది. ప్లగ్గు పెట్టాక గోడ నుంచి 6 సెం.మీ. ముందుకు పొడుచుకొస్తోంది.

55 ఆశ వదులుకోవాల్సిందేనా?

చారి_ఉడ్‌వర్క్

బీడింగ్ పీకినా మధ్యలో 120.6 దగ్గర ఆగిపోతుంది. ఉబ్బిన చోట ప్లాస్టరింగ్ చెక్కించినా ఒక సెంటీమీటరు కంటే రాదు. 123 దాటే టీవీకి అది చాలదు. ఇంకా చెక్కితే ఇటుక బయటపడుతుంది. దాని జోలికి పోవద్దమ్మా.

రమణ_సర్వీస్_బెజవాడ

చారి గారి మాటే నా మాట. 50 ఇంచీలతో లెక్క వేద్దాం. మీరు చూసే మోడల్ అంకెలు వేరుగా ఉండొచ్చు, దీన్ని నమూనాగా తీసుకోండి.

50 ఇంచీలంటే తెర వెడల్పు 110.7 సెం.మీ. బాడీ 112 అనుకుందాం. టీవీ లోపలికి వెళ్లాల్సింది బీడింగ్ మధ్య నుంచి కాబట్టి 117.6 లోంచి తీసేయండి, 5.6 మిగులుతుంది. పక్కకు 2.8. టీవీ వెళ్తుంది, కానీ అంత సందులో టీవీ పక్కలు పట్టుకున్న చేతులు పట్టవు. అందుకని ఇద్దరు కింద అంచు, వీపు పట్టుకుని ఎత్తాలి. కాళ్లు బయటే బిగించేయాలి. మంచం మీద దుప్పటి పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టి బిగిస్తే తెరకు దెబ్బ తగలదు. ముందు కాళ్లను బండ అంచు మీదికి ఎక్కించి, తర్వాత లోపలికి జరపండి. కాళ్ల కింద రబ్బరు బండను పట్టేస్తుంది, అందుకని పలచటి గుడ్డ వేసి జరిపి, తర్వాత గుడ్డ లాగేయండి.

ఎత్తు స్టాండుతో 70 దాకా రావచ్చు. మీది 88, ఏ ఇబ్బందీ లేదు. సౌండ్‌బార్ ఆలోచన ఉంటే మాత్రం బండకూ టీవీ కింద అంచుకూ మధ్య ఎంత ఎత్తు ఉందో చూడండి. చాలా మోడళ్లలో ఐదారు సెంటీమీటర్లే ఉంటుంది, బార్ అంతకంటే ఎత్తుంటే తెర కింది భాగాన్ని, రిమోట్ సిగ్నల్ అందుకునే చోటును కప్పేస్తుంది.

ఇక లోతు. స్టాండు 25 అనుకుందాం. కాలి ముందు కొసను బండ అంచు నుంచి 2 లోపలికి ఉంచితే వెనక కొస 27 దగ్గర ఉంటుంది. వెనక గోడ దాకా 16 మిగిలింది. ప్లగ్గుకు 6 పోయినా 10 ఉంది. నాన్నగారి చెయ్యి బాగానే దూరుతుంది. హెచ్‌డీఎంఐ సాకెట్లు పక్కకు ఉన్న మోడల్ అయితే ఇంకా సులువు. వీపుకు నేరుగా వెనక్కి ఉన్నవైతే కేబుల్ తల, దాని వంపు కలిపి ఆరేడు సెంటీమీటర్లు అడుగుతాయి. మీకు ఆ చోటు కూడా ఉంది.

కిరణ్_కె

పక్కకు 2.8 సెం.మీ.తో గాలి ఆడుతుందా? నా టీవీ మాన్యువల్‌లో చుట్టూ 10 సెం.మీ. వదలమని రాసుంది. ఆ లెక్కన 50 కూడా పట్టదు. 43 తీసుకోవాలి. దాని బాడీ 97 లోపే, పక్కకు పది వస్తుంది.

రమణ_సర్వీస్_బెజవాడ

చాలా మాన్యువళ్లలో ఆ 10 ఉంటుంది, కాదనను. కాకపోతే పక్కల మాట వేరు, వెనకా పైనా మాట వేరు. వేడి వీపు నుంచి పైకి పోతుంది. సుజాత గారి గూట్లో పైన 18 సెం.మీ., వెనక పదికి పైగా ఖాళీ ఉంది, ముందు తలుపుల్లేవు. బీడింగ్ దాటాక లోపలి గోడకూ టీవీకీ మధ్య నాలుగు దాకా వస్తుంది. ఇలాంటి గూళ్లలో 50 పెట్టాను, ఇబ్బంది పడ్డామని ఎవరూ నన్ను పిలవలేదు. అద్దం తలుపులు వేసే షోకేసైతే నేనే 43 చాలంటాను.

కిరణ్_కె

మీరు పిలవలేదంటున్నారు, కంపెనీ అయితే 10 అంటోంది. రేపు ప్యానెల్ పోతే గాలి ఆడనివ్వలేదని వాళ్లు వారంటీ దగ్గర పేచీ పెట్టరా? నేనైతే 43కే వెళ్తాను.

రమణ_సర్వీస్_బెజవాడ

ఆ రిస్కు అస్సలు లేదని చెప్పలేను. కొనేముందు ఆ మోడల్ మాన్యువల్‌లో గూట్లో పెట్టే విషయం ఏమని ఉందో చదివి, ఇంట్లోవాళ్లు నిర్ణయించుకోవడమే మేలు.

ఇమ్రాన్_కర్నూలు

రమణ అన్నా, చారి అన్నా, నా ప్రశ్న కూడా ఇందులోనే అడిగేస్తాను. నేను కొత్తగా ప్లైవుడ్ యూనిట్ చేయించుకుంటున్నాను. 65 ఇంచీల టీవీ దాని నడిమి అరలో పెట్టాలి. కార్పెంటర్ యూనిట్ ఐదడుగులు చాలంటున్నాడు. నిజమేనా?

చారి_ఉడ్‌వర్క్

ఐదడుగులన్నది బయటి కొలతా, లోపలి కొలతా, ముందు అది అడుగు తమ్ముడూ. బయటికి ఐదడుగులంటే 152.4. రెండు పక్కలా 18 మి.మీ. ప్లై, రెండు వైపులా మైకా, గమ్ము కలిపి పక్కకు 2 సెం.మీ. పోయిందనుకో, లోపల 148.4. 65 బాడీ 145 దాకా ఉంటుంది. పక్కకు రెండు కూడా రాదు. నేను చేసే పనైతే లోపలే ఐదున్నర అడుగులు పెడతాను. పనికి ఒప్పుకునేటప్పుడు కాగితం మీద లోపలి కొలత అని రాయించి, మిల్లీమీటర్లలో వేయించుకో. అడుగులూ అంగుళాలూ నోటితో చెప్పుకుంటే తర్వాత గొడవే.

లోతు కూడా అంతే. వెనక ప్లై కొడితే దాని మందం తీసేయాలి. దానికి స్విచ్ బోర్డు చోట పెద్ద రంధ్రం కోయించు, మూడు పిన్నుల ప్లగ్గు తల దూరేంత ఉండాలి. వైరు పట్టేంత చిన్నది కోసి వదిలేస్తారు.

పద్మజ_విశాఖ

చారి గారూ, మా యూనిట్‌కు ఆ రంధ్రమే లేదు. ఇప్పుడు కోయించొచ్చా, మైకా లేచిపోతుందా?

చారి_ఉడ్‌వర్క్

కోయించొచ్చమ్మా. డ్రిల్లుకు హోల్ సా బిగించి, మైకా ఉన్న వైపు నుంచి మెల్లగా కోయాలి. కోసే చోట ముందు టేపు అతికిస్తే అంచు పగలదు.

సుజాత_తెనాలి

రమణ గారూ, చారి గారూ, చాలా థాంక్సండీ. వార్తాపత్రికలు అతికించి 112కి 65 కాగితం చేసి, కింద ఐదు సెం.మీ. వదిలి గూట్లో వేలాడదీశాం. బండ మీద కాళ్ల చోట సుద్దతో 25 సెం.మీ. గీతలు గీశాం. అది చూశాక నాన్నకు 50 నచ్చింది, 55 అడగడం మానేశారు. తమ్ముడు మాత్రం కిరణ్ గారి మాట పట్టుకుని 43 అంటున్నాడు. 43కు కూడా కాగితం చేసి పక్కన పెట్టి చూపిస్తాం. మేం చూసిన 50 మోడల్ మాన్యువల్ దొరికింది. బాడీ 111.6, స్టాండు లోతు 24.8. సాకెట్లు రెండు పక్కకు, ఒకటి వెనక్కి ఉన్నాయి. గూట్లో పెట్టడం గురించి అందులో ఏముందో ఈ రాత్రి చదివి చెప్తాను.

రమణ_సర్వీస్_బెజవాడ

ఆ అంకెలు మీ గూటికి సరిపోతాయి. డెలివరీ వచ్చినప్పుడు పెట్టె తెరవకముందే దాని మీది మోడల్ నంబరును మాన్యువల్ మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చుకోండి. కాళ్ల జత బయటికి తీయగానే టేపు పెట్టి ఆ 24.8 ఒకసారి సరిచూసుకోండి, బిగించేది ఆ తర్వాతే.